8 లక్షల లాభం, గల్లాలో 60 వేలు

దుకాణాల లెక్కలు చూసే మాబోటివాళ్లకు ఏప్రిల్ నెలంతా వాట్సాప్‌లో కంప్యూటర్ తెరల ఫొటోలే వస్తుంటాయి. ఖమ్మం దగ్గర మోటార్లు, పైపులు అమ్మే ఒక వ్యాపారి కూడా అలాంటిదే పంపారు. టాలీలో Profit & Loss A/c పేజీ అది. ఎడమవైపు అడుగున Nett Profit అని, దాని ఎదురుగా 8,00,000 అని ఉంది. వెంటనే ఆయన గొంతు వినిపించింది. “సార్, ఎనిమిది లక్షలు లాభమంటున్నది కంప్యూటర్. గల్లా, బ్యాంకు కలిపి చూస్తే అరవై వేలున్నయ్. మిగతా పైసలు ఎటు పోయినయ్? కౌంటర్ల కూసునే పిల్లగాని మీద నాకు అనుమానమైతాంది.”

పిల్లవాడి మీదికి పోకముందే ఆ ఫొటో చూద్దామన్నాను. ఇలాంటి ఫొటోలో నేను మొదట చూసేది పైనుండే తేదీలు. ఒక్క నెల లెక్కను ఏడాది లెక్క అనుకుని గాబరాపడేవాళ్లు చాలామందే ఉంటారు. ఈయన పేజీలో ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా సరిగ్గానే ఉంది. చిల్లర వదిలేసి లక్షల్లో చెబుతాను. కుడివైపు అమ్మకాలు 84, వాటి కిందే Closing Stock, అంటే మార్చి 31న దుకాణంలో మిగిలిన సరుకు, 19. ఎడమవైపు ఏడాది మొదట్లో ఉన్న సరుకు 14, కొన్నది 72, లారీ కిరాయి, హమాలీ 1. ఈ రెండు వైపుల తేడా 16 లక్షలు. అందులోంచి అద్దె, జీతాలు, కరెంటు, వడ్డీలాంటి ఖర్చులు 8 పోగా మిగిలింది 8. కూడికలో తప్పేమీ లేదు.

తప్పల్లా కుడివైపున్న ఆ 19ని చూసిన తీరులో ఉంది. అమ్మకాల పక్కనే ఉంది కదా, అదీ వచ్చిన డబ్బే అనుకున్నారాయన. నిజానికి అమ్ముడుపోని సరుకు ఖరీదు ఈ ఏడాది ఖర్చులో పడకూడదు కాబట్టి దాన్ని అటువైపు వేస్తారు. ఏడాది మొదట్లో 14 లక్షల సరుకుంటే చివరికి 19 అయింది. అంటే 5 లక్షలు పైపులై గోదాములో పడున్నాయి. ఎందుకు పెరిగిందని అడిగితే ఆయనే చెప్పారు. మార్చిలో కంపెనీ ఏజెంటు వచ్చి, టార్గెట్ దాటితే అదనపు డిస్కౌంటు అన్నాడట. ఎండాకాలం బోర్లు వేసే రోజులు, ఎట్లాగూ అమ్ముడవుతాయని ఎత్తుకున్నారు. ఆలోచన మంచిదే. కానీ ఆ సరుకుకు కట్టిన డబ్బు Profit & Loss పేజీలో లాభాన్ని తగ్గించదు.

రెండో సంగతి అరువు. ఆయన దగ్గర మోటారు కొనేది మిర్చి, పత్తి వేసే రైతు. పంట మార్కెట్టుకు పోయాక ఇస్తానంటాడు. టాలీ మాత్రం బిల్లు కొట్టిన రోజునే దాన్ని అమ్మకం కింద రాసుకుంటుంది, లాభాన్నీ ఆరోజే లెక్కేస్తుంది. డబ్బు ఎప్పుడొస్తుందో ఈ పేజీకి అక్కర్లేదు. ఆ వివరం Balance Sheet లో Sundry Debtors పేరుతో ఉంటుంది. తెరిచి చూడమన్నాను. ఏడాది మొదట్లో 6 లక్షలున్న బాకీలు చివరికి పదిన్నర అయ్యాయి. అంటే ఇంకో నాలుగున్నర లక్షలు రైతుల దగ్గరున్నాయి. (ఈ బాకీల అంకెలో జీఎస్టీ కూడా కలిసి ఉంటుంది, అమ్మకాల 84లో ఉండదు. కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి శాతాలు తీయకూడదు.)

అన్నీ ఆయన జేబుకు చిల్లు పెట్టేవే కావు. ఆయన కంపెనీలకు ఇవ్వాల్సింది 7 నుంచి 9కి పెరిగింది. సరుకు వచ్చింది, డబ్బు ఇంకా కట్టలేదు, కాబట్టి 2 లక్షలు ఆయన దగ్గరే ఆగాయి. అలాగే ఖర్చుల్లో 60 వేలు వ్యాన్‌కూ కంప్యూటర్‌కూ వేసిన తరుగుదల. అది పుస్తకంలో రాసిన ఖర్చే తప్ప ఎవరి చేతికీ ఇచ్చింది కాదు.

ఇక చేతిలోంచి నిజంగా పోయినా ఈ పేజీలో కనబడనివి రెండున్నాయి. వ్యాన్ వాయిదా నెలకు పదమూడున్నర వేలు కడుతున్నారు. అందులో వడ్డీ భాగమే ఖర్చు. మిగతా పది వేలు అసలు, అది అప్పు తగ్గిస్తుందంతే. ఏడాదికి లక్షా ఇరవై వేలు. రెండోది ఇంటి ఖర్చు. నెలకు 20 వేలు గల్లాలోంచి తీస్తారు. సొంత దుకాణమైతే యజమాని తీసుకున్నది జీతం కాదు, పెట్టుబడిలోంచి వెనక్కి తీసుకున్నట్టు. టాలీలో అది Drawings ఖాతాలోకి వెళ్తుంది. ఏడాదికి 2 లక్షల 40 వేలు.

ఒక కాగితం తీసి రాసుకోమన్నాను. ఏడాది మొదట్లో గల్లా, బ్యాంకు కలిపి 3 లక్షల 10 వేలు. లాభం 8 కలిపితే 11.10. పెరిగిన సరుకు 5 తీసేస్తే 6.10. పెరిగిన బాకీలు నాలుగున్నర తీసేస్తే 1.60. కంపెనీలకు ఇంకా కట్టని 2, తరుగుదల 60 వేలు కలిపితే 4.20. వ్యాన్ అసలు 1.20, ఇంటి ఖర్చు 2.40 పోతే మిగిలేది సరిగ్గా 60 వేలు. జీఎస్టీ బాకీ మొదట్లో, చివర్లో ఒకేలా ఉంది కాబట్టి దాన్ని కదపలేదు. ఆయన రెండుసార్లు కూడి చూసుకుని, “అయితే పిల్లగాడు ఏం తియ్యలే” అన్నారు. పుస్తకంలో రాసినంతవరకు తేడా లేదన్నాను. అసలు బిల్లే కొట్టకుండా అమ్మితే ఏ పేజీ పట్టుకోలేదు, దానికి సరుకు లెక్కపెట్టుకోవాల్సిందే.

ఆ మాట మీదే ఇంకో ప్రశ్న వచ్చింది. అసలు ఆ 8 లక్షలైనా నిజమేనా? సరుకు విలువ ఎంత వేస్తే లాభం అంత మారుతుంది. గోదాములో పాత మోడల్ మోటార్లు కొన్ని ఉన్నాయి, కొన్న ధర 2 లక్షలు. ఇప్పుడు సగానికైనా పోతాయా అంటే, “పోతే అదృష్టం” అన్నారు. సరుకును కొన్న ధరకో, అమ్మితే చేతికి వచ్చే ధరకో, ఏది తక్కువైతే దానికే వేయాలన్నది లెక్కల్లో పాత నియమం. అలా వేస్తే లక్ష రూపాయల లాభం అక్కడే తగ్గిపోతుంది. టాలీ తనంతట తాను ఈ పని చేయదు. మోటారు పాతబడిందని దానికెవరు చెప్పాలి?

బాకీలదీ ఇదే కథ. ఎవరెవరు ఎన్నాళ్లుగా ఇవ్వాలో Outstandings లో చూడొచ్చు. అయితే డబ్బు వచ్చినప్పుడు అది ఏ బిల్లుకు వచ్చిందో రాయకపోతే On Account అని పడి, ఏది పాత బాకీయో తేలదు. ఆయన దుకాణంలో సగం రసీదులు అలాంటివే. మధ్యాహ్నమంతా కూర్చుని సర్దితే, పదిన్నరలో 3 లక్షలు రెండు పంటలు దాటిన బాకీలని తేలింది. అందులో ఒక రైతు పొలం కౌలుకు వదిలేసి హైదరాబాదు పోయాడట.

ఆయన అసలు ఉద్దేశం అప్పుడు బయటపడింది. పక్క షట్టర్ ఖాళీ అయితే, 8 లక్షల లాభముంది కదా అని, 5 లక్షలు అడ్వాన్సు ఇస్తానని యజమానికి మాటిచ్చారు. ఈ సీజను బాకీలు ఏడున్నర జూన్‌లోపు వస్తాయనుకుందాం. అదే జూన్‌లోపు కంపెనీలకు 9 కట్టాలి. ఆ లోటును ఎండాకాలం నగదు అమ్మకాలతో పూడ్చుకోవాలంటే, మార్చిలో ఎత్తుకున్న సరుకు ముందు గోదాము దాటాలి. ఆయన కాసేపు కాగితం వంక చూసి, షట్టర్ యజమానికి ఫోన్ చేసి ఆగస్టు దాకా గడువు అడిగారు.