పితికిపప్పు ఉన్న ఊళ్లో ఆలివ్ సీసా

తిరుపతిలో ఏ సూపర్ మార్కెట్‌కు వెళ్లినా ఒక అర నిండా ఆలివ్ నూనె సీసాలే. గుండెకు మంచిదని డాక్టరు చెప్పారనో, అమెరికాలో ఉన్న కొడుకు ఫోన్ చేసి పోరుపెట్టాడనో కొనేవాళ్లు కొంటున్నారు. ఇంటికి తెచ్చి అందులో పూరీలు కాల్చుకునే వాళ్లనూ చూశాను. మధ్యధరా సముద్రపు తిండి అంటే ఆ సీసా అనుకోవడం వల్ల వచ్చిన తిప్పలివి. ఆ తిండి లోగుట్టు సీసాలో లేదు. క్రీట్ దీవిలో రైతు ఇంట్లో ఒకప్పుడు ఉడికిన పప్పులోనూ, ఆకులోనూ ఉంది. ఆ మాటకొస్తే పలమనేరు, పుంగనూరు వైపు పుష్యమాసంలో ఏ ఇంటి పొయ్యి మీద చూసినా ఉంది.

చరిత్ర రెండు ముక్కల్లో చెబుతాను. ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త 1958లో ఏడు దేశాల మగవాళ్ల తిండినీ గుండెజబ్బులనూ పోల్చే పని మొదలుపెట్టాడు. అందులో క్రీట్ వాళ్లు అందరికంటే గట్టిగా నిలిచారు. 2010లో యునెస్కో ఈ తిండి పద్ధతిని మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చింది. స్పెయిన్‌లో ఏడు వేల మందికి పైగా మనుషులతో ప్రెడిమెడ్ అనే పెద్ద పరీక్ష జరిగింది. దాని ఫలితాలు 2013లో వచ్చాయి. మనుషులను గుంపులుగా పంచిన తీరులో లోపం బయటపడితే 2018లో లెక్కలు సరిచేసి మళ్లీ అచ్చువేశారు. ఆలివ్ నూనె బాగా వాడినవాళ్లలోనూ, రోజుకు 30 గ్రాముల బాదం, వాల్‌నట్ లాంటి గింజలు తిన్నవాళ్లలోనూ గుండెపోటు, పక్షవాతం వంటివి దాదాపు మూడో వంతు తగ్గాయన్నది రెండోసారీ నిలబడింది. మన దేశంలో ఇలాంటిదే చేశామని 2002లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 2005లో ఆ పత్రికే దాని మీద సందేహం ప్రకటించింది. కాబట్టి మన పప్పుకూ మన నూనెకూ అంతే ఫలితం రుజువైందని నేను చెప్పను. తిండి కూర్పులో పోలిక ఎంత దగ్గరగా ఉందో మాత్రం చూపిస్తాను.

క్రీట్ రైతు మాంసం ఎప్పుడో పండక్కి తినేవాడు. రోజూ తినేది పప్పుగింజలు, రొట్టె, కూరగాయలు, చేల గట్ల మీద కోసుకొచ్చిన ఆకులు. ఆ ఆకుల్లో రెండు మనకు తెలిసినవే. ఒకటి వాళ్లు వ్లిటా అనే తోటకూర జాతి, అంటే మన చిర్రాకుకు చుట్టం. రెండోది గంగపాయలాకు, శెనక్కాయ చేలల్లో నేలకు పరుచుకుని పెరిగే నున్నటి ఎర్రకాడల మొక్క. ఒమేగా-3 అనే మంచి కొవ్వు ఆకుకూరల్లో చెప్పుకోదగ్గంతగా ఉండే వాటిలో ఇదొకటి. వాళ్లు తోటకూరను ఉడికించి నూనె పోసి నిమ్మకాయ పిండుకుంటారు. గంగపాయలను పచ్చిగానే కలుపుకుంటారు. మన దగ్గర అదే ఆకును టమోటా, పచ్చిమిరప, చింతపండుతో ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, తెల్లగడ్డల తిరగమోత పెడతారు. నన్నడిగితే రుచిలో మనదే మీద చేయి. ఒక్క జాగ్రత్త, మూత్రపిండాల్లో రాళ్లున్నవాళ్లకు ఈ రెండు ఆకులూ పడవు. ఉడికించి నీళ్లు పారబోసినా ఆ ముప్పు కొంతే తగ్గుతుంది.

ఇక అసలు సంగతి పితికిపప్పు. చిత్తూరు సీమ వంటల్లో దీన్ని మించింది నేను ఎరగను. అనపకాయ చలికాలపు పైరు. పగటిపొద్దు కురచైతే తప్ప నాటు రకాలు పూతకు రావు. అందుకే సంక్రాంతికి అటూ ఇటూ కాయ దండిగా దిగుతుంది. పైపొట్టు జిడ్డుగా, చేతికి అంటుకునే ఘాటైన వాసనతో ఉంటే అది మంచి కాయ. ఆ వాసన లేని కాయను మా పెద్దమ్మ బేరమే ఆడదు. గంపలో చేయి పెట్టి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, మాట్లాడకుండా ముందుకు పోతుంది.

గింజలు వలిచి, లేదా ఎండు అనపగింజలైతే నలుగురికి పావుకిలో తీసుకుని, నిండా నీళ్లు పోసి రాత్రి నానబెట్టాలి. ఎండువి పది పన్నెండు గంటలు నానాలి. తక్కువ నానితే పొట్టు ఊడక గింజ చితుకుతుంది. ఎక్కువైతే నీళ్లు నురగకట్టి పులిసిన వాసన వస్తుంది. నానిన నీళ్లు పారబోయాల్సిందే, వంటలోకి వాడకూడదు. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గింజను పట్టి, మొలకవచ్చే కొనకు ఎదురుగా ఒత్తితే లోపలి పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది, పొట్టు వేళ్లకు మిగులుతుంది. అదే పితకడం. చెప్పడానికి ఇంతే. కానీ మా పెద్దమ్మ రెండు చేతులతో ఒకేసారి పితుకుతూ, వాకిట్లో పోయేవాళ్లను పలకరిస్తూ, ఒక్క పప్పూ గిన్నె బయట పడకుండా, ఒక్క బద్దా విరగకుండా పావుకిలో అయ్యేదాకా లేవదు. మేం పితికితే సగం పప్పు గోడకు తగులుతుంది.

ఉడికించేటప్పుడు ఒక నియమం ఉంది. పప్పు మెత్తబడేదాకా చింతపండూ టమోటా తగలనివ్వకూడదు. పులుపు ముందే పడితే పప్పు ఎంతసేపు ఉడికినా గట్టిగానే ఉంటుంది. నలుగురికి మూడు పెద్ద చెంచాల శెనక్కాయ నూనెలో ఎర్రగడ్డలు, అల్లం తెల్లగడ్డ వేయించి, పప్పు, నాలుగు వంకాయలు వేసి నీళ్లు పోసి ఉడకనివ్వాలి. పప్పును వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా జారిపోవాలి, కానీ బద్ద ఆకారం చెదరకూడదు. అప్పుడు ముగ్గిన నాటు టమోటాలు, వేయించి నూరిన ధనియాలు, కొబ్బరి, లవంగం, చెక్క. నూనెలో మగ్గిన టమోటాలోని ఎర్రరంగు పదార్థం పచ్చి టమోటాలో కంటే ఒంటికి బాగా పడుతుంది. గ్రీకు వంటలక్కలు కూరగాయలను నూనెలో, టమోటాలో నిదానంగా మగ్గించేదీ ఇదే కిటుకుతో. మధ్యధరా తిండి నూనె తక్కువ తిండి అని ఎవరన్నా చెబితే నమ్మకండి. వాళ్లు పప్పుకూ కూరకూ ధారాళంగానే పోస్తారు.

పావుకిలో ఎండుగింజలంటే మనిషికి సుమారు 60 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పిన పళ్లెం లెక్కలో రోజుకు పప్పు దినుసులు 85 గ్రాములు, ధాన్యం 250, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400. ఒక్క పూట పితికిపప్పుతోనే పప్పు వాటాలో ముప్పాతిక దాకా తీరింది. మన చిక్కు ధాన్యం దగ్గర. గిన్నెడు అన్నం, దాని మీద గరిటెడు పప్పునీళ్లు పోసుకుని పప్పన్నం తిన్నామంటాం. క్రీట్ వాళ్ల పద్ధతిలో పప్పే భోజనం, రొట్టె తోడు. సంగటి విషయంలోనూ అంతే. రాగి అనగానే చక్కెర జబ్బుకు మందని తలకాయంత ముద్ద మింగేవాళ్లున్నారు. మెత్తగా ఆడించిన పిండితో చేసిన పెద్ద ముద్దా చక్కెరను పెంచుతుంది. నూక పాలు పెరిగేకొద్దీ అది అన్నమే. పిండి కొంచెం బరకగా, నూక ఒక వంతుకు పిండి రెండు వంతులుగా, ముద్ద పిడికిలంత చాలు. నూక మెత్తగా ఉడికాక పిండిని కుప్పగా పోసి, కెలకకుండా మూతపెట్టి సన్నసెగ మీద ఐదారు నిమిషాలు వదిలేయాలి. తొందరపడి ముందే కట్టె తిప్పితే ఉండలు కట్టి లోపల పచ్చిపిండి మిగులుతుంది. తడిచేత్తో తాకితే అంటుకోకపోవడమే ఉడికిన గుర్తు.

నూనె సంగతికి వస్తే, ఆలివ్ నూనెలో ఒలీయిక్ ఆమ్లం డెబ్బై శాతం దాకా ఉంటుంది. మామూలు శెనక్కాయ నూనెలో అది సగం లోపే. రెండూ ఒకటే అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లది అబద్ధం. అయితే ఇక్రిశాట్, జునాగఢ్ వేరుశనగ పరిశోధన కేంద్రం కలిసి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 రకాల్లో ఒలీయిక్ ఎనభై శాతం దగ్గరికి చేరింది. 2020లో అవి విడుదలయ్యాయి. ఆ విత్తనం మన రైతు చేతికి, ఆ నూనె మన గానుగకు విరివిగా రావాలి. నూనెకంటే సులువైన దారి గింజలే. పిడికెడు వేయించిన శెనిగింజలు, లేదా రోట్లో నూరిన ఊరిబిండి. ఇక్కడా ఒక మెలిక ఉంది. వానకు తడిసి బూజుపట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. వేయించినా అది పూర్తిగా పోదు. ముడతపడిన, రంగుమారిన, చేదు తగిలిన గింజను ఏరి పారేయాల్సిందే. గానుగకు చవగ్గా పోయే పుచ్చుగింజల నూనెను నేను ఇంట్లోకి రానివ్వను.

ఇప్పుడు కడుపుమంట. తిరుపతి నుంచి బెంగళూరు దారి పట్టండి, ప్రతి దాబా బోర్డు మీదా రాగిసంగటి, నాటుకోడి పులుసు. నాటుకోడి మన ఇళ్లలో జాతరకో, అల్లుడొస్తేనో కోసేది. తిరుపతి గంగమ్మ జాతర వారంలో తిన్న తిండిని ఏడాది పొడుగునా అమ్మి, ఇదే రాయలసీమ భోజనం అని లోకానికి చాటారు. అందులో సంగటి చూడబోతే రంగుకు మాత్రం రాగి, మిగతాదంతా బియ్యం. పైన గరిటెడు నెయ్యి. ఇక పప్పు, ఎనిపిన ఆకు, ఊరిబిండి బోర్డు మీద లేనే లేవు. అటు కన్నడిగులు మాత్రం బెంగళూరులో ఏటా అవరెబేళె మేళా పెట్టి, అదే గింజతో దోసెలు, ఉప్మాలు, మిఠాయిలు అమ్ముతుంటే జనం వరసకట్టి తింటున్నారు. గింజ మనదా వాళ్లదా అని నేను తగవు పెట్టుకోను గానీ, గర్వపడటం మాత్రం వాళ్లకే తెలిసింది.

ఆకుల పరిస్థితి ఇంకా అన్యాయం. గంగపాయల, గురుగాకు, చెంచలాకు చేలో కలుపుగా మొలిచేవి. కలుపు తీసే ఆడవాళ్లు ఒళ్లో వేసుకుని ఇంటికి తెచ్చేవాళ్లు, కూలీతో పాటు కూరా దొరికేది. ఇప్పుడు కలుపుమందు కొట్టేస్తున్నారు. ఆకు పోయింది, మిగిలిందీ కోయడానికి భయం. మందు కొట్టని చేను అని తెలిస్తేనే కోయండి, మురుగు కాలవ పక్కన ఎంత పచ్చగా కనిపించినా చేయి పెట్టకండి. కుండీలో గంగపాయల కాడ గుచ్చితే చాలు, విడిగా విత్తనం అక్కరలేదు.

హోటళ్ల వాళ్లకు నా విన్నపం ఒకటే. మార్గశిరం నుంచి మాఘం దాకా నాటుకోడి పక్కన పితికిపప్పు కూడా రాయండి. సంగటిలో రాగి ఎన్ని పాళ్లో బోర్డు మీద పెట్టండి. పితకడానికి మనుషులు దొరకరంటారు గదా, చుట్టుపక్కల పల్లెల్లో గంటకింత అని కూలి ఇస్తే వచ్చే పెద్దమ్మలు కావలసినంత మంది. మిగతా నెలలకు ఎండు అనపగింజలున్నాయి, అలసందలున్నాయి, ఉలవలున్నాయి. ఉలవలకు మాత్రం నానబెట్టిన తర్వాత కుక్కర్‌లో రెండు విజిల్స్ ఎక్కువే పెట్టుకోండి.