రొయ్య అసలు ధర

హోటల్లో రొయ్యల వేపుడు రుచి వంటమాస్టరుది. దాని ధర మాత్రం స్టోరులో కాటా దగ్గరుండే మనిషిది. ఆయన పనితనమంటే నాకు మహా ముచ్చట.

తలతో ఉన్న రొయ్యలు కిలో 400 రూపాయలనుకుందాం. పది కిలోలకు 4000. తల, పొట్టు, నరం తీశాక మిగిలేది ఐదు కిలోలే అయితే, ఆయన పుస్తకంలో కిలో ధర 800. నీళ్లు పూర్తిగా ఓడేదాకా తూచనివ్వడు. తడి బరువు కూడా రొయ్యగానే లెక్కకొస్తుంది మరి! తూకం ఐదుకు తగ్గితే ముందు తలకాయల బుట్టలో చెయ్యి పెడతాడు. ఒలిచేవాళ్ల తొందరలో తలతో పాటు కండ కూడా పోయిందేమోనని.

అసలు గడుసుదనం పెనం దగ్గరుంది. వేగితే రొయ్య ముడుచుకుంటుంది. ఆ వంటింట్లో 200 గ్రాములు వేస్తే 150 దిగుతాయి. కాబట్టి ప్లేటుకు వేగిన రొయ్యలు 150 గ్రాములు పెట్టాలంటే ఖర్చు 120 కాదు, 160. మాడినవాటికీ తిరిగొచ్చినవాటికీ నూటికి ఐదు కలిపితే 168. నూనె, మసాలా, గ్యాసు ఇంకా పడనేలేదు.

ఐదు కిలోలకు 23 ప్లేట్లయినా రావాలి. రాత్రి బిల్లుల్లో 20 కనిపిస్తే, వడ్డించే గరిటెను మర్నాడు కాటా ఎక్కిస్తాడు.