రెండు ప్రెజెంటేషన్లు, ఒకే మాట

అశ్వారావుపేటలో ఆయిల్‌పామ్ రైతుల సమావేశానికి ఉద్యానశాఖ ఒక ప్రెజెంటేషన్, ఫ్యాక్టరీ నడిపే ఆయిల్‌ఫెడ్ మరొకటి తెచ్చాయనుకుందాం. వాటిని కలిపే మనిషి పనితనం స్లైడ్లు అతికించడంలో లేదు. ముందు ఒక్కో స్లైడు ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాసుకుంటాడు, తర్వాత ఆ వాక్యాలనే పోలుస్తాడు. ఒకరు ఎకరాకు 57 మొక్కలంటారు, ఇంకొకరు హెక్టారుకు 143 అంటారు. చూపుకు వేరు, నిజానికి రెండూ తొమ్మిది మీటర్ల త్రిభుజ పద్ధతే, ఒకటి తీసేయవచ్చు. రైతుకు ఎకరం లెక్కే ఉంచాలి. అదే ‘దిగుబడి’ అనే శీర్షిక రెండుచోట్లా ఉన్నా ఒకటి తోటలో కోసిన గెలల బరువు, రెండోది గెలలనుంచి దిగే నూనె శాతం. పేరు చూసి ఒకటి కొట్టేస్తే కొంప మునిగినట్టే.

ఒకదాని వెనక ఒకటి చూపిస్తే సరిపోదా, ఎవరి కష్టం వారిదే కదా అంటారు. సరిపోదు. అప్పుడు ఒకే సంగతి రెండుసార్లు విన్న రైతు, అంకెలు కలవకపోతే రెంటినీ నమ్మడు. అందుకే వరుస శాఖలనుబట్టి కాక తోటనుబట్టి సాగాలి: మొక్క, నాలుగో ఏడు దాకా అంతరపంట, కోత, కోసిన గెల ఆలస్యం లేకుండా ఫ్యాక్టరీకి చేరడం. తీసేసిన స్లైడ్లు అనుబంధంలో ఉంటాయి, ఏ శాఖవో పేరుతో సహా, అడిగితే చూపించవచ్చు.