అరవై రోజులంటే రెండు నెలలు కాదు

భూసేకరణ ప్రాథమిక నోటిఫికేషన్‌ను రైతుకి అర్థమయ్యే తెలుగులో తిరగరాయడం ఎంత గొప్ప పనితనమో, మా మండలంలో చేసి రిటైరైన ఒక డిప్యూటీ తహసీల్దారు గారి దగ్గర చూశాను. అలాంటి చెయ్యి మళ్లీ చూడలేదు. కాగితం చేతికిస్తే ఆయన ముందు అర్థం చెప్పరు. పెన్సిలు తీసుకుని క్రియాపదాల కింద గీతలు గీస్తారు. ‘దాఖలు చేయవలెను’, ‘కల్పించరాదు’, ‘విచారింపబడును’. ఒక్కో గీత పక్కన ‘ఎవరు?’ అని రాస్తారు. జవాబు దొరకని గీత ఒక్కటి మిగిలినా తిరగరాత మొదలుపెట్టరు.

ఆ నోటీసుల నడక మీకు తెలిసిందే. ‘దిగువ షెడ్యూలునందు వివరింపబడిన భూములు ప్రజాప్రయోజనార్థము అవసరమగునని ప్రభుత్వమునకు తోచినందున, సదరు భూములయందు హితబద్ధులైన వారెవరైనను, ప్రకటన ప్రచురింపబడిన తేదీ లగాయతు అరువది దినములలోపల తమ ఆక్షేపణలను లిఖితపూర్వకముగా దాఖలు చేయవలెననియు, సదరు భూములపై ఎట్టి లావాదేవీలుగాని ఋణభారములుగాని కల్పించరాదనియు...’ ఇలా సాగుతూనే ఉంటుంది. ఒకే వాక్యంలో ఒక హక్కు, ఒక గడువు, ఒక నిషేధం ఉన్నాయి. మూడూ కలిసిపోవడంతో చదివినవాడికి నిషేధం ఒక్కటే గుర్తుంటుంది. హక్కు సంగతి తెలిసేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

కఠినమైన మాట తీసి తేలికైన మాట పెడితే చాలదా అనేవాళ్లున్నారు. చాలదు. ఈ విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షం. ‘అరువది దినములు’ తీసి ‘అరవై రోజులు’ అని రాసినంత మాత్రాన వాక్యం విప్పినట్టు కాదు. చదివేవాడికి ముందు కావలసింది ‘ఇది నాకు సంబంధించిందా?’ అన్నదానికి జవాబు. ఆ తర్వాత ఏం చేయాలి, ఎప్పటిలోగా, ఎవరికి, చేయకపోతే ఏమవుతుంది. సర్కారు నోటీసు దాదాపు ఎప్పుడూ దీనికి తలకిందులుగా నడుస్తుంది: ముందు చట్టం, తర్వాత ప్రభుత్వం, చివరికెక్కడో మనిషి.

‘హితబద్ధులు’ దగ్గరే చూడండి. పట్టా ఉన్నవాళ్లే కాబోలనుకుని కౌలుదారు కాగితం మడిచి పక్కన పెడతాడు. కానీ 2013 భూసేకరణ చట్టం ఇచ్చిన నిర్వచనంలో కౌలు హక్కులున్నవాళ్లు, పాలుకి చేసుకునేవాళ్లు, ఆ భూమి పోతే ప్రధాన జీవనోపాధి దెబ్బతినేవాళ్లు కూడా ఉన్నారు. అందుకే మా మాస్టారు (ఆయన్ని నేను అలాగే పిలుస్తాను) ఆ మాటకి పర్యాయపదం వెతకలేదు, అందులోకి వచ్చే మనుషుల్ని పేరుపేరునా రాశారు.

గడువు విషయంలో ఆయన జాగ్రత్త చూసి తీరాలి. ఒక కరపత్రంలో ఎవరో ‘రెండు నెలల్లోగా’ అని వేశారు. ఆయన వెంటనే కొట్టేశారు. జూన్ 3న ప్రకటన వచ్చిందనుకోండి. మర్నాటి నుంచి లెక్కపెడితే అరవయ్యో రోజు ఆగస్టు 2. రెండు నెలలని నమ్మినవాడు ఆగస్టు 3న అర్జీ పట్టుకుని వస్తాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రకటన గెజిట్‌లో ఒకరోజు, పేపర్లలో ఒకరోజు, పంచాయతీ బోర్డు మీద మరోరోజు రావచ్చు. ఏ తేదీ నుంచి లెక్క అన్నది తిరగరాసేవాడు సొంతంగా తేల్చకూడదు. ఆఫీసులో అడిగి చివరి తేదీని అంకెల్లో రాయాలి, అది తెలిసేదాకా అన్నిటికంటే ముందు వచ్చిన తేదీ నుంచే లెక్కపెట్టుకొమ్మని చెప్పాలి. ఆయన అలాగే చేసేవారు.

ఆయన చేతిలో అదే నోటీసు ఇలా తేలింది:

‘కింద ఉన్న సర్వే నంబర్లలో మీకు పట్టా ఉన్నా, కౌలుకో పాలుకో చేస్తున్నా, ఆ భూమి మీదే ప్రధానంగా బతుకుతున్నా ఈ నోటీసు మీకోసమే. ప్రభుత్వం ఈ భూమి తీసుకోవాలనుకుంటోంది. మీకు అభ్యంతరం ఉంటే ఆగస్టు 2 లోగా కలెక్టరుకి రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఇంత భూమి అక్కర్లేదని, ఈ భూమి ఆ పనికి పనికిరాదని, చెప్పిన ప్రజాప్రయోజనం సరికాదని, సామాజిక ప్రభావ నివేదికలో రాసింది తప్పని చెప్పొచ్చు. మీరు స్వయంగా గాని, మీ తరఫు మనిషి గాని, వకీలు గాని వచ్చి మాట్లాడే అవకాశం కలెక్టరు ఇవ్వాలి. నష్టపరిహారం ఎంత కావాలో చెప్పడానికి తర్వాత వేరే నోటీసు వస్తుంది. ఈ పని ముగిసేదాకా ఈ భూమి అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. తప్పనిసరి పరిస్థితి ఉంటే మినహాయింపు కోసం కలెక్టరుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. (సెక్షన్లు 11, 15)’

నష్టపరిహారం వాక్యం దగ్గర కాస్త ఆగండి. అసలు నోటీసులో అది లేదు, ఆయనే చేర్చారు. రైతులు ఈ దశలో ఇచ్చే అర్జీల్లో ‘ధర చాలదు’ అనే మాటే ఎక్కువని ఆయనకి అనుభవం మీద తెలుసు. చట్టం ఈ దశలో వినమన్న విషయాలు వేరు, ధర మాట సెక్షన్ 21 నోటీసుతో వస్తుంది. మూలంలో లేని ఆ ఒక్క ముక్క ఊరి అర్జీలన్నిటినీ దారిలో పెట్టింది. ఇంతటి చూపు నేను మరెక్కడా చూడలేదు.

ఇది ఇవాళ పుట్టిన విద్యేం కాదు. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడారు, తాపీ ధర్మారావు దాన్ని పత్రికలో నడిపించారు, బూదరాజు రాధాకృష్ణ విలేకరుల తరాలకి నేర్పారు. ఇంగ్లండులో క్రిస్సీ మేహర్ 1979లో పార్లమెంటు ఎదుట సర్కారు ఫారాలు ముక్కలు చేసి ఉద్యమం లేవదీశారు. ఉమ్మడి రాష్ట్రంలో అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది. పత్రికలు మారాయి గాని నోటీసు అక్కడే నిలబడిపోయింది.

నా కడుపుమంట నోటీసు మీద కన్నా ‘సులభ భాష’ పేరుతో వస్తున్న నకిలీల మీదే ఎక్కువ. పెద్ద అక్షరాలు, రంగుల బొమ్మ, నాలుగు ముక్కలు. మినహాయింపులు ఎగరగొడతారు, గడువు గుండ్రంగా చెబుతారు. అమ్మకం, తాకట్టు కుదరవని సెక్షన్ అంటే, ‘భూమిలో ఏ పనీ చేయరాదు’ అని వేసిన కాగితం నేను చూశాను. సాగు చేయొద్దని ఆ సెక్షన్‌లో లేదు. ఆ కాగితం నమ్మి నారు పోయకుండా ఆగిన రైతుకి ఎవరు జవాబు చెబుతారు? మూలం అర్థం కాకపోతే మనిషి ఇంకొకరిని అడుగుతాడు. నకిలీ తేలిగ్గా అర్థమవుతుంది కాబట్టి ఎవర్నీ అడగడు. అందుకే అది మూలం కన్నా ప్రమాదం.

నకిలీని పట్టుకునే పద్ధతి కూడా మాస్టారి దగ్గరే ఉంది. చదివినవాణ్ని ‘అర్థమైందా?’ అని ఆయన ఎప్పుడూ అడగరు. ఆ ప్రశ్నకి అందరూ తలూపుతారు. ‘నువ్వు కౌలుకి చేస్తున్నావు కదా, నువ్వు అర్జీ పెట్టొచ్చా?’ అని కౌలుదారుని, ‘కూతురి పెళ్లికి అరెకరం అమ్మాలి, ఏం చేస్తావు?’ అని పట్టాదారుని అడుగుతారు. జవాబు తప్పితే తప్పు తన రాతదేనని అక్కడికక్కడే వాక్యం మారుస్తారు.

కలెక్టరేట్లని నేను చేతులు జోడించి అడిగేది ఇదే. చట్టం కోరిన నోటీసు అలాగే ఉండనివ్వండి, దాని మాట మార్చే అధికారం తిరగరాసేవాడికి లేదు. దాని వెనక ఒక్క పేజీ ఇలాంటిది కుట్టండి. ఆ పేజీ కింద చివరి తేదీ అంకెల్లో, అర్జీ తీసుకునే గది, తేడా వస్తే ముందున్న నోటీసే చెల్లుతుందన్న ఒక వాక్యం, రాసిన అధికారి సంతకం ఉంచండి.