తీసేసినదాన్ని చూస్తేనే పనితనం తెలుస్తుంది

దీపాల వెలుగులో, ఐఎస్ఓ 6400లో తీసిన కూచిపూడి నర్తకి ఫొటోను పెద్దది చేసి చూడండి. ఒంటినిండా ఇసుక చల్లినట్టు కనిపించేది వెలుగు నాయిస్. నల్లని జడ మీద ఊదా, ఆకుపచ్చ మచ్చలుగా పరుచుకున్నది రంగు నాయిస్. ఈ రెండూ పోవాలి, పట్టుచీర జరీ నేత మాత్రం మిగలాలి. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ సాఫ్ట్‌వేర్‌లో ఈ పని జరిగే తీరు మెచ్చుకోదగ్గది.

నాయిస్‌కు మూలం వెలుతురు చాలకపోవడం. ఒక పిక్సెల్‌కు సగటున 10,000 ఫోటాన్లు అందితే ఆ లెక్కలో హెచ్చుతగ్గులు 100 వరకు, అంటే 1 శాతం. అందేవి 100 మాత్రమే అయితే హెచ్చుతగ్గులు 10, అంటే 10 శాతం. అందుకే నీడల్లో నాయిస్ ఎక్కువ. డార్క్‌టేబుల్ దగ్గర చాలా కెమెరాలకు, ఒక్కో ఐఎస్ఓకు ముందే కొలిచి పెట్టిన ప్రొఫైల్ ఉంటుంది. ఏ వెలుగు స్థాయిలో ఎంత నాయిస్ ఉండాలో దానికి తెలుసు కాబట్టి, జడకూ నుదుటికీ ఒకే మోతాదు వేయదు.

ముందు రంగు సంగతి. వెలుగులోని సన్నని తేడాలను పట్టినంత చురుగ్గా మన కన్ను రంగులోని తేడాలను పట్టలేదు. కనుక వెలుగును ముట్టుకోకుండా, రంగును మాత్రం ధైర్యంగానే నునుపు చేయవచ్చు. దీనికీ ఒక హద్దుంది. ఆకుపచ్చ చీర ఎర్ర అంచు పక్కనున్న గుడ్డ మీదికి ఒలికినట్టు కనిపిస్తే మోతాదు మించినట్టే.

వెలుగు నాయిస్‌కు నాన్-లోకల్ మీన్స్ పద్ధతి వాడతారు. 2005లో బువాడెస్, కోల్, మొరెల్ దీన్ని ప్రతిపాదించారు. ఇది పక్క పిక్సెళ్లను గుడ్డిగా కలిపేయదు. ప్రతి పిక్సెల్ చుట్టూ ఉన్న చిన్న ముక్కను తీసుకుని, దాన్ని పోలిన ముక్కలను పరిసరాల్లో వెతికి, వాటికే ఎక్కువ విలువిచ్చి సగటు తీస్తుంది. జరీ అంచులో ఒకే నేత మళ్లీమళ్లీ వస్తుంది కదా, జోడీలు పుష్కలం. పోలిన ముక్కలు 16 దొరికితే నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది, నేత మాత్రం నిలుస్తుంది. చెంప మీద పడిన ఒంటరి వెంట్రుకకు జోడీ దొరకదు, అది మాసిపోతుంది. అలాంటి చోట central pixel weight పెంచితే అసలు పిక్సెల్ మాటకు బలం పెరుగుతుంది. కొంత గింజ తిరిగొస్తుంది, దాంతోపాటే వెంట్రుకా వస్తుంది.

సరైన మోతాదు తెలుసుకునే పరీక్షను కూడా ఆ ముగ్గురే చూపించారు. అసలు ఫొటోలోంచి శుభ్రం చేసిన ఫొటోను తీసివేసి, మిగిలినదాన్ని వెలుగు పెంచి చూడాలి. ఆకారం లేని గింజ మాత్రమే కనిపిస్తే పని శుద్ధంగా జరిగినట్టు. అక్కడ జరీ గళ్లో, కనుబొమల గీతలో తేలితే నాయిస్‌తో పాటు చీరనూ ముఖాన్నీ కొంత పారేసినట్టే. అప్పుడు strength తగ్గించి మళ్లీ చూడాలి.