బయటి సాక్షి ఉన్న స్టాక్ రిజిస్టరు

వికారాబాద్ జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది. 2020 నవంబరు నుంచి ధరణి ద్వారా వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్లు తహసీల్దారు కార్యాలయాలకే వచ్చాయి. అప్పటి నుంచి ఈ జిల్లాలోని కుల్కచర్ల లాంటి మండల కేంద్రంలో ల్యాప్‌టాప్ మొరాయించినా, టోనర్ అయిపోయినా రైతు పని ఆగుతుంది. అలాంటి కార్యాలయంలో స్టాక్ రిజిస్టరును బాగా రాయడం ఒక పనితనం. నా దృష్టిలో దానికి గీటురాయి ఒకటే: పుస్తకంలో రాసిన ప్రతి వరుసనూ పుస్తకం బయట ఉన్న దేనితోనైనా సరిచూడగలగాలి.

ముందుగా మెచ్చుకోవాల్సింది రెండు పుస్తకాలను విడదీయడం. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో స్థిరాస్తులకు జీఎఫ్‌ఆర్ 22, వాడితే తరిగిపోయే సరుకులకు జీఎఫ్‌ఆర్ 23 అని వేర్వేరు నమూనాలున్నాయి. రెండింటినీ ఏడాదికి ఒక్కసారైనా ఎదురుగా పెట్టుకొని లెక్కచూడాలి. రాష్ట్ర కార్యాలయాల నియమావళి వేరే అయినా ఈ విభజన అంతటా పనికొస్తుంది. ల్యాప్‌టాప్ విషయంలో అడగాల్సింది ‘ఎవరి దగ్గర ఉంది’ అని. టోనర్ విషయంలో ‘ఎంత మిగిలింది, పోయింది ఎటు పోయింది’ అని.

ల్యాప్‌టాప్‌కు వేసే ట్యాగు, మాటకు KKC-LAP-003 అనుకుందాం. చేయి తిరిగిన ఉద్యోగి దాన్ని ఊడదీసే బ్యాటరీ మీదో, సర్వీసులో మార్చేసే మూత మీదో అంటించడు. అడుగున గాలి రంధ్రాలకు దూరంగా, కదలని భాగం చూసి అంటిస్తాడు. అంతటితో వదలడు. స్టిక్కరు ఊడుతుంది, ఒకదాని మీది నుంచి ఇంకొకదాని మీదికి మారుతుంది కూడా. అందుకే కంపెనీ లోపలే రాసిపెట్టిన సీరియల్ నంబరును పవర్‌షెల్‌లో చూసి ట్యాగు పక్కనే రాస్తాడు:

```
Get-CimInstance Win32_BIOS | Select-Object SerialNumber
```

తనిఖీ రోజున ఇదే కమాండు మళ్లీ ఇస్తారు. ట్యాగు సరిగ్గా ఉండి నంబరు వేరుగా వచ్చిందంటే ల్యాప్‌టాపే మారి ఉండాలి, లేదా మదర్‌బోర్డు మార్చి ఉండాలి. బోర్డు మార్చిన చోట ఒక్కోసారి నంబరు ఖాళీగానే వస్తుంది. అప్పుడు రిపేరు బిల్లు ఆ వరుసలో కనిపించాలి. కనిపించకపోతే విచారించాల్సిందే.

ఎవరి అధీనంలో ఉందో రాసే గడిలో ‘రెవెన్యూ సెక్షన్’ అని రాస్తే ఎవరూ బాధ్యులు కారు. మనిషి పేరు, హోదా, తీసుకున్న తేదీ, సంతకం ఉండాలి. బదిలీ అయినప్పుడు పాత పేరు కొట్టేయకుండా తిరిగిచ్చిన తేదీ వేసి, కింద కొత్త వరుస మొదలుపెట్టాలి. చార్జర్, బ్యాగు కూడా ఆ వరుసలోనే రాయాలి. చార్జి అప్పగింత వేళ గొడవ వచ్చేది ఎక్కువగా వాటి దగ్గరే.

నాకు ముచ్చట గొలిపేది టోనర్ పుస్తకం. చాలాచోట్ల వచ్చినవి, ఇచ్చినవి, నిల్వ అనే మూడు గళ్లే ఉంటాయి. ఆ లెక్క కాగితం మీద ఎప్పుడూ కుదురుతుంది, ఎందుకంటే దాన్ని కాదనే సాక్షి లేడు. నాలుగో గడిగా ప్రింటరు పేజీ కౌంటరు చేర్చండి. హెచ్‌పీ ఎం1136లో వేసే 88ఏ కార్ట్రిడ్జ్ సుమారు 1,500 పేజీలు ఇస్తుందని కంపెనీ చెబుతుంది. పేజీలో 5 శాతం మేర సిరా పడితే వచ్చే లెక్క అది. కాన్ఫిగరేషన్ పేజీ తీస్తే అప్పటిదాకా తీసిన మొత్తం పేజీలు అందులో ఉంటాయి.

ఉదాహరణకు కార్ట్రిడ్జ్ వేసినప్పుడు కౌంటరు 18,240. తర్వాతది వేసేటప్పటికి 19,610. అంటే 1,370 పేజీలు వచ్చాయి, సందేహం లేదు. ఆ రెండోది 20,190 దగ్గరే అయిపోయిందన్నారు. 580 పేజీలే! ఇక్కడ వెంటనే ఎవరినీ అనుమానించకూడదు. గీతలు, గళ్లు నిండిన పత్రాలు ఎక్కువ తీస్తే సిరా త్వరగా తరుగుతుంది. రీఫిల్ చేయించినదైతే పొడి తక్కువ పోసి ఉండవచ్చు. అదే ప్రింటరుకు రీఫిల్ వేసిన ప్రతిసారీ ఇలాగే వస్తుంటే తప్పు రీఫిల్‌ది. ఒరిజినల్‌తో ఒక్కసారే ఇలా జరిగితే, ఆ కార్ట్రిడ్జ్ వేరే గదికి వెళ్లిందేమో చూడాలి. ఖాళీది అప్పగిస్తేనే నిండుది ఇచ్చే పద్ధతి పెడితే ఈ ప్రశ్న సగం అక్కడే తేలిపోతుంది. రీఫిల్ వల్ల ఒకే డొల్ల రెండు మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి డొల్ల మీద కూడా మార్కర్‌తో ఒక నంబరు వేయాలి.

చివరి మజిలీ కండెమ్ చేయడం. పాత ల్యాప్‌టాపును బీరువా పైన పెట్టి మరిచిపోతే పుస్తకంలో అది బతికే ఉన్నట్టు. పనికిరాదని తేల్చిన నివేదిక నంబరు, అనుమతి ఉత్తర్వు తేదీ, హార్డ్‌డిస్క్ తీశారా చెరిపారా అన్న మాట, తీసుకున్న వారి రసీదు నంబరు ఆ వరుసలో పడాలి. డిలీట్ నొక్కి ఊరుకుంటే పట్టాదారుల వివరాలు డిస్కులోనే మిగులుతాయి. 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నియమాల జాబితాలో ల్యాప్‌టాప్‌లతో పాటు ‘కార్ట్రిడ్జ్‌లతో సహా ప్రింటర్లు’ కూడా ఉన్నాయి. అందువల్ల ఖాళీ డొల్లలను కూడా వీధి పాత సామాన్లవాడికి కాక, కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్‌కే ఇచ్చి రసీదు తీసుకోవాలి. KKC-LAP-003 అనే నంబరును మాత్రం ఇంకే యంత్రానికీ మళ్లీ వేయకూడదు. లేకపోతే మూడేళ్ల తర్వాత ఆడిట్‌కు వచ్చినవారికి ఒకే నంబరు మీద రెండు యంత్రాల చరిత్ర కలగాపులగంగా కనిపిస్తుంది.