వరుసగా రెండు బొమ్మలు

నాణెం ఎగరేస్తూ పోదాం. బొమ్మ పడ్డ వెంటనే మళ్లీ బొమ్మే పడితే ఆట ముగిసినట్టు. ఇలా ఎన్నో ఆటలు ఆడితే ఒక్కో ఆటకు సగటున ఎన్ని టాస్‌లు పడతాయి? చాలామంది నాలుగు అనేస్తారు. రెండు టాస్‌లలో రెండూ బొమ్మలే పడే సంభావ్యత నాలుగింట ఒకటి కదా అని వాళ్ల ఆలోచన. ఇంకొందరు టాస్‌లను జతలుగా విడగొట్టి, సగటున నాలుగు జతలు కావాలి కాబట్టి ఎనిమిది అంటారు. రెండూ సరికావు. జతలుగా విడగొడితే ఒక జత చివర, తర్వాతి జత మొదట పడ్డ బొమ్మలు పక్కపక్కనే ఉన్నా లెక్కకు రావు. అందుకే ఎనిమిది ఎక్కువ. నాలుగు ఎందుకు తక్కువో తేలాలంటే అసలు లెక్క చేయాలి.

నేరుగా చేయాలంటే ఆట రెండో టాస్‌లో ముగిసే అవకాశం, మూడో టాస్‌లో ముగిసే అవకాశం, ఇలా అంతులేకుండా కూడుకుంటూ పోవాలి. అంత శ్రమ అక్కర్లేదు. ఆట మధ్యలో ఎవరైనా వచ్చి చూస్తే వాళ్లు తెలుసుకోవలసింది ఒక్కటే: చివరి టాస్‌లో పడింది బొమ్మా, కాదా? అంతకుముందు ఏం పడ్డా ఇక మీదట జరిగేదానికి సంబంధం లేదు. కాబట్టి స్థితులు రెండే. చేతిలో ఏమీ లేనప్పుడు ఇంకా కావలసిన సగటు టాస్‌లను x అందాం. చేతిలో ఒక బొమ్మ ఉన్నప్పుడు కావలసినవాటిని y అందాం.

ఇప్పుడు ఒక్క టాస్ మాత్రమే వేసి చూద్దాం. ఏమీ లేని స్థితిలో బొమ్మ పడితే y స్థితికి వెళ్తాం, బొరుసు పడితే ఉన్నచోటే ఉంటాం. ఏది పడ్డా ఒక టాస్ ఖర్చయింది.

x = 1 + ½y + ½x

ఒక బొమ్మ ఉన్న స్థితిలో మళ్లీ బొమ్మ పడితే ఆట అయిపోయింది. బొరుసు పడితే మొదటికి వస్తాం.

y = 1 + ½·0 + ½x

మొదటి సమీకరణం నుంచి x = y + 2 వస్తుంది. దాన్ని రెండోదానిలో పెడితే y = 4, x = 6. జవాబు ఆరు. తెలియని x సమీకరణానికి రెండు వైపులా ఉండటమే ఈ పద్ధతికి ప్రాణం. అంతులేని ఆట తన లోపలే మళ్లీ మొదలవుతుంది కాబట్టి, ఆ మళ్లీ మొదలైనదాన్ని కూడా అదే పేరుతో పిలుస్తున్నాం. క్రిస్టియాన్ హైగెన్స్ 1657లో పాచికల ఆటల మీద ప్రచురించిన చిన్న గ్రంథంలోనే ఈ ఆలోచన కనిపిస్తుంది. ఇద్దరు వంతులవారీగా రెండేసి పాచికలు వేస్తారు. మొదట వేసేవాడికి ఆరు పడితే గెలుపు, రెండోవాడికి ఏడు పడితే గెలుపు. ఎవరి వంతు అన్నదాన్ని బట్టి రెండు తెలియని విలువలు పెట్టుకుని, రెండోవాడికీ మొదటివాడికీ గెలుపు అవకాశాలు 31కి 30 చొప్పున ఉంటాయని ఆయన తేల్చాడు.

ఈ పద్ధతిలో తప్పులు ఎక్కువగా రెండు చోట్ల దొర్లుతాయి. ఖర్చయిన ఆ ఒక్క టాస్‌ను కలపడం మరిచిపోతే మన సమీకరణాలకు x = y = 0 తప్ప వేరే సాధన ఉండదు కాబట్టి తప్పు వెంటనే బయటపడుతుంది. కావలసింది పడనప్పుడు ఏ స్థితికి వెళ్తామో సరిగా చూసుకోకపోవడం రెండోది. ఇది అంత సులువుగా దొరకదు. బొమ్మ తర్వాత బొరుసు పడే దాకా ఆడితే ఏమవుతుందో చూడండి. చేతిలో బొమ్మ ఉండగా మళ్లీ బొమ్మ పడితే నష్టమేమీ లేదు, ఆ కొత్త బొమ్మ చేతిలోనే ఉంటుంది. కాబట్టి y = 1 + ½y, అంటే y = 2. మొదటి సమీకరణం మారదు గనుక x = 4.

నాలుగింట ఒకటే సంభావ్యత ఉన్న రెండు వరసల్లో ఒకదానికి ఆరు, ఇంకోదానికి నాలుగు ఎలా వచ్చాయి? ఆట ఆపకుండా ఎగరేస్తూ పోతే కారణం కనిపిస్తుంది. బొమ్మ-బొరుసు పడ్డాక మళ్లీ ఏమీ లేని స్థితి నుంచే మొదలుపెట్టాలి, తర్వాతిదాని కోసం సగటున నాలుగు టాస్‌లు ఆగాలి. బొమ్మ-బొమ్మ పడ్డాక మాత్రం చివరి బొమ్మ ఇంకా చేతిలోనే ఉంటుంది. అక్కడి నుంచి తర్వాతిదానికి పట్టేది y, అదీ నాలుగే. ఒకసారికీ మరోసారికీ మధ్య దూరం సగటున రెండింటికీ సమానమే. నాలుగింట ఒకటి అన్న మాట చెప్పేది ఆ దూరం గురించే. బొమ్మ-బొమ్మ గుంపులుగా పడుతుంది, వరుసగా మూడు బొమ్మలుంటే అందులో రెండుసార్లు లెక్కకొస్తుంది. గుంపులుగా వచ్చేది మొదటిసారి రావడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది.

అయినా రెండింటికీ పందెం పెడితే ఎవరికీ మొగ్గు లేదు. మొదటి బొమ్మ పడ్డాక తర్వాతి టాసే గెలుపు తేల్చేస్తుంది, సగానికి సగం. సగటు తక్కువ ఉన్నదే ముందు వస్తుందని అనుకోవడానికి వీల్లేదు.

ఈ పద్ధతికి ఒక హద్దుంది. బొమ్మ పడితే ఒక రూపాయి లాభం, బొరుసు పడితే ఒక రూపాయి నష్టం అనుకుని, మొత్తం మీద ఒక్క రూపాయి లాభం రాగానే ఆపేద్దాం. మొదటే బొరుసు పడితే రెండు మెట్లు ఎక్కాలి. ఒక్కో మెట్టుకు x చొప్పున 2x టాస్‌లు కావాలి. అప్పుడు x = 1 + ½·2x, అంటే x = 1 + x. ఏ సంఖ్యా దీనికి సరిపోదు. ఆ లాభం ఎప్పటికైనా వస్తుందన్నది ఖాయమే, కానీ సగటు నిరీక్షణ అనంతం. సమీకరణం రాసేటప్పుడే సగటు పరిమితమైనదని మనం ఒప్పేసుకుంటాం కాబట్టి, దాన్ని విడిగా నిర్ధారించుకోవాలి. రెండు బొమ్మల ఆటలో ఆ పని మొదట తోసిపుచ్చిన ఎనిమిదే చేస్తుంది. జతలుగా విడగొట్టి చూసినా సగటు ఎనిమిది దాటదు కాబట్టి, x అనంతం కాదు.